వాక్యం అడిగిన అర్థం

మా ఆయనకు ఒక్కతే అక్క. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరు. పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు ‘సందర్భం టీచరు’. ఏ పదానికి అర్థం అడిగినా ఆవిడ నోటి నుంచి ముందు వచ్చే మాట ‘ఏ వాక్యంలో?’ అనే. ఒక పిల్ల లేచి, “పోవడం అంటే ఏమిటి టీచర్?” అని అడిగిందట. “ఏం పోయింది? కరెంటా, పర్సా, పరువా, మనిషా?” అని ఈవిడ ఎదురడిగింది. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుండిపోయింది. తర్వాత క్లాసంతా కలిసి ఆ నాలుగింటికీ నాలుగు వాక్యాలు చెప్పేదాకా ఆవిడ వాళ్ళను వదల్లేదు.

పెళ్ళయిన కొత్తలోనే భర్తతో పొసగక మా ఇంటికి వచ్చేసింది. ఆయన కొట్టే మనిషి కాదు, తాగే మనిషి కాదు. పొద్దున ఒక మాట అని, సాయంత్రానికి ‘నేనన్నది ఆ అర్థంలో కాదు’ అనే మనిషి. “ఏ అర్థంలో అన్నారో అప్పుడే చెప్పి చావచ్చుగా” అని ఒకరోజు పెట్టె సర్దుకుని బయల్దేరిందట. మేడ మీద గది ఆవిడది. కింద ముందు గదిలో నా కుట్టు మిషను. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆవిడ ఆ ఇంట్లో పాతుకుపోయి ఉంది. ఆవిడ కోపం గురించి చుట్టాలందరూ నన్ను ముందే భయపెట్టారు. తీరా చూస్తే ఆవిడ అరిచే రకం కాదు. కోపం పెరిగే కొద్దీ గొంతు తగ్గుతుంది, మాట మాట విడివిడిగా వినిపిస్తుంది. ఇక వినపడీ వినపడనట్టు మాట్లాడుతోందంటే ఎదుటి మనిషి పారిపోవడం మేలు.

ఉపాధ్యాయ శిక్షణలో చేరడానికి ఒక ప్రవేశ పరీక్ష ఉంది. అందులో భాషకు సంబంధించిన ప్రశ్నలు కొన్నేళ్ళుగా మా వదినే రాసేది. పరీక్షల కార్యాలయం వాళ్ళు రాయమన్న సంగతి మాకు చెప్పేది కాదు, ఎవరికీ చెప్పనని సంతకం పెట్టేది. కానీ ఒక ఇంట్లో ఉండి దాచగలిగే విషయమా అది? అలాంటి రోజుల్లో మేడ మీద గదికి లోపలి నుంచి గడియ పడేది. అంతకుముందు నెలల్లో ఆవిడ అన్నాల దగ్గర ఊరికే మమ్మల్ని పరీక్షిస్తూ ఉండేది. అసలు పరీక్షలో రాసేవి కావు, ఎలా రాయాలో సాధన చేసుకునేవి. మా ఆయనకు ముందు పదం ఒక్కటే చెప్పేది, నాలుగు అర్థాలు చదివేది, ఏదో ఒకటి ఎంచుకోమనేది. ఆయన గుడ్డిగా చెప్పింది సరైన జవాబే అయితే ఆ కాగితం చింపేసేది. “వాక్యం చదవకుండానే తమ్ముడు చెప్పేశాడంటే అది ప్రశ్న కాదు, చిలక జోస్యం” అనేది. నాలుగు అర్థాలూ ఆ పదానికి నిజంగా ఉన్నవే అయి ఉండాలి. నాలుగూ దాదాపు ఒకే పొడుగుండాలి. వాక్యం చదివిన తర్వాత మాత్రం మూడు రాలిపోయి ఒక్కటే నిలబడాలి. అదీ ఆవిడ లెక్క.

నేను ‘గిన్నె అడుగు మాడింది’ అన్నా, ‘ఈ గుడ్డకు కుట్టు పడటం లేదు’ అన్నా ఆవిడ చెవులు నిక్కేవి. మా ఇంట్లో ఎవరైనా నోరు జారితే ఆ మాట ఏ పిల్లల చేతో అర్థం చెప్పించుకుంటుందని మా ఆయన వేళాకోళమాడేవాడు.

ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకమ్మాయిని అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ఏదైనా రెండుసార్లు చదివితే గాని జవాబు చెప్పేది కాదు. అమ్మ బట్టల దుకాణంలో పనిచేసేది, నాన్న లేడు. టీచరు కావాలని ఆ పిల్లకు పట్టుదల. స్కూలు చదువు అయిపోయిన తర్వాత కూడా అప్పుడప్పుడూ వచ్చి మేడ మెట్ల మీద కూర్చుని వదినతో చదువుకునేది. ఆ ఏడు మాత్రం పరీక్షకు కొన్ని నెలల ముందు ఆ పిల్ల వస్తే వదిన గుమ్మంలోనే ఆపేసింది. “ఈ ఏడు నా దగ్గరికి రాకు. ఎందుకని అడక్కు” అంది. పిల్ల మొహం చిన్నబోయింది. ఏం తప్పు చేశానని నన్ను అడిగింది. నాకు తెలుసు, చెప్పకూడదని కూడా తెలుసు. నేను తల దించుకుని మిషను తొక్కుకుంటూ ఉండిపోయాను.

పరీక్ష అయింది. జవాబుల పట్టిక బయటపెట్టారు. ఆ మర్నాడు సాయంత్రం నిదానం మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మెట్లెక్కింది. వదిన గది తలుపు కొట్టిన చప్పుడు కింద నాకు వినిపించింది.

“మీరు చెప్పినట్టే చేశాను టీచర్. వాక్యం చదివాను. రెండుసార్లు చదివాను. అందుకే మార్కు పోయింది” అంటోంది. ఏడుపు లేదు ఆ గొంతులో. “మా పక్కింటబ్బాయి కోచింగులో చెప్పినట్టు ఏ పదం చూసినా నిఘంటువులోని మొదటి అర్థం పెట్టుకుంటూ పోయాడు. వాడికి వచ్చింది. మీరు ఇన్నేళ్ళు నేర్పింది తప్పని ముందే చెబితే నేనూ వాడితో పాటే పోయేదాన్ని కదా.”

వదిన గొంతు కూడా గట్టిగానే వచ్చింది. నువ్వు తొందరపడి ఉంటావు, సరిగ్గా చూసి ఉండవు, ఏది, ప్రశ్న చూపించు అంది. తొందరన్న మాట ఆ పిల్లతో అంటుంటే నాకే నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు పైనుంచి ఏమీ వినిపించలేదు. నాకు భయమేసి పైకి వెళ్ళాను.

వదిన మంచం అంచున కూర్చుని ఉంది. చేతిలో ప్రశ్నపత్రం. పరీక్ష అయిన తర్వాత దాన్ని పిల్లలు ఇంటికి తెచ్చుకోవచ్చు. అందులో ఒక చిన్న పేరా ఉంది, దాని కింద ప్రశ్న. నాకూ చూపించింది.

‘పడవ పాతదైపోయింది, అమ్మెయ్యమని కొడుకులు ఎంత చెప్పినా ముసలాయన పట్టు వదల్లేదు.’ ఇందులో ‘పట్టు’ అంటే ఏమిటి? నేర్పు, మేలైన గుడ్డ, చేతి బిగింపు, పంతం.

“నువ్వేమంటావు?” అని నన్ను అడిగింది.

పంతమే కదా అన్నాను. అమ్మమని వాళ్ళు పోరుతుంటే ఈయన మొండికేశాడు. పడవేమైనా చేతిలో పట్టుకుని కూర్చున్నాడా?

“జవాబు చేతి బిగింపు అని ఇచ్చారు” అంది నిదానం.

వదిన ఆ పిల్లను చూసి, నువ్వు రాసిందే సరైనదని చెప్పింది. అంత మెల్లగా చెప్పింది కాబట్టి పిల్లకు వినపడిందో లేదో. ఇంటికి పంపించి, తలుపు వేసి, నాకు అసలు సంగతి చెప్పింది. ఆ ప్రశ్న తనదే. కానీ తను రాసిన పేరాలో ఇంకో రెండు వాక్యాలున్నాయి. అమ్మమని కొడుకులు ఎంత చెప్పినా ముసలాయన వినలేదు, అక్కడికి ఒక వాక్యం అయిపోయింది. తర్వాత వరద వచ్చిన రోజు పడవ కొట్టుకుపోబోతుంటే ఆయన తాడు పట్టుకుంటాడు. ‘అరచేతులు కోసుకుపోతున్నా ముసలాయన పట్టు వదల్లేదు.’ ముందు మొండితనం గురించి చెప్పింది కావాలనే. తొందరపడేవాళ్ళు పంతం అనుకుంటారు. ఆ వాక్యం దాకా వచ్చి చదివినవాళ్ళకు తాడు కనిపిస్తుంది, చేతి బిగింపు అని తెలుస్తుంది. ఎవడో వరదను, తాడును, అరచేతుల్ని కోసేసి, ‘ముసలాయన పట్టు వదల్లేదు’ అన్న తోకను తెచ్చి ముందు వాక్యానికి అతికించాడు. వాక్యం మారింది, దాంతో అర్థం మారింది. జవాబు మాత్రం పాతదే ఉండిపోయింది.

“చదవని వాళ్ళను పట్టుకోవడానికి నేను వల వేస్తే, వీళ్ళు దాన్ని తిరగేసి చదివిన వాళ్ళ మీద వేశారు” అంది. ఆ తర్వాత అన్నానికి కిందికి రాలేదు. మా ఆయన పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళి, అలాగే తిరిగొచ్చాడు.

పరీక్షల కార్యాలయంలో ఈ పేపరు చూసే కోఆర్డినేటరు ఒకప్పుడు వదిన దగ్గర ట్యూషను చదివినవాడే. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. చురుకైన వాడని, మంచి వాడని ఆవిడ ఎప్పుడూ చెప్పుకునేది. మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి అతని దగ్గరికే వెళ్ళింది. తోడు రమ్మని నన్ను అడగలేదు. ఏం జరుగుతుందోనని నేనే వెంటపడ్డాను.

అది పొడుగాటి వరండా, రెండు పక్కలా గదులు, గదుల నిండా తాళ్ళతో కట్టిన కాగితాల కట్టలు. అతను లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కుర్చీ వేయించాడు. వదిన కూర్చోలేదు. ఎందుకు కోశావని అడిగింది. అతను తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. పేజీ నిండిపోయింది. రెండు లైన్లు తర్వాతి పేజీకి జారుతున్నాయి. జారితే పేరా ఒక పేజీలో, ప్రశ్న ఇంకో పేజీలో పడతాయి, అది నిబంధనలకు విరుద్ధం. పైగా అరచేతులు కోసుకుపోవడం, నెత్తురు, ఇలాంటివి పిల్లలను కలవరపెడతాయని పైనుంచి సూచనలున్నాయి. అందుకని తనే తగ్గించాడు. ‘పట్టు’ అన్న పదాన్ని మాత్రం జాగ్రత్తగా ఉంచాడు.

“పదాన్ని ఉంచావు. దానికి అర్థమిచ్చేదాన్ని తీసేశావు. జవాబు మళ్ళీ చూశావా?”

చూడలేదన్నాడు. చూసే టైము లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక్క మార్కు మేడం, అన్నాడు. ఇప్పుడు జవాబు మారిస్తే పట్టికంతా మారుతుంది, ఎందుకు మారిందని అడుగుతారు, తన మీదికి వస్తుంది. పైగా ఆ ప్రశ్న మీదని మీరు బయట చెప్పకూడదు, సంతకం చేశారు, అని గుర్తుచేశాడు. ఆ మాట బెదిరింపులా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది అందుకే. ఆ పిల్లను అభ్యంతరం పెట్టమనండి, కమిటీ చూస్తుంది, అని సాగనంపాడు.

బయటికొచ్చాక వరండాలో నీళ్ళ కుండీ దగ్గర ఆగి మొహం కడుక్కుంది. “నా దగ్గర చదువుకున్నాడు” అని ఒక్కటే అంది.

నిదానం అభ్యంతరం పెట్టింది. జవాబు రాలేదు, రాలేదు, చివరికి ఒక ముక్క వచ్చింది: ‘నిఘంటువు ప్రకారం ఇచ్చిన సమాధానం సరైనదే.’ వదిన అది చదివి నవ్వింది. నిఘంటువు ప్రకారం నాలుగూ సరైనవే. సరైనవి కాబట్టే కదా నాలుగూ అక్కడ పెట్టింది. ప్రశ్న నిఘంటువును అడగలేదు, వాక్యాన్ని అడిగింది. ఈ మాట ఆ వారమంతా ఇంట్లో ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పింది, పాలు పోసే మనిషికి కూడా. ఆయన పాపం, నిజమేనమ్మా అని తలూపి వెళ్ళిపోయాడు.

రెండోసారి అభ్యంతరం పెడితే స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చు, చదువు చెప్పిన టీచరు ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. నిదానం వచ్చి మెట్ల దగ్గర నిలబడి, మీరొస్తారా అని అడిగింది. ఆ పిల్లకు వదిన మీద కోపం ఇంకా తీరలేదు. అడగక తప్పక అడిగింది. వదిన చెప్పులు వేసుకుంది.

ఆ గదిలోకి నన్ను రానివ్వలేదు. లోపల జరిగింది నిదానం చెప్పిందీ, వదిన చెప్పిందీ కలిపి చెబుతున్నాను. బల్లకు అటుపక్క ముగ్గురున్నారు. మధ్యలో అధ్యక్షుడు, రిటైరైన ప్రిన్సిపాలు. ఒక పక్క భాషానిపుణుడు, ముందు ఇంత లావు నిఘంటువు. ఇంకో పక్క కోఆర్డినేటరు.

భాషానిపుణుడు మొదలుపెట్టాడు. పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. పట్టు అంటే మొట్టమొదటి అర్థం పట్టుకోవడమే, పంతం ఎక్కడో కింద ఉంది. వదిన నిదానాన్ని మాట్లాడమంది. ఆ పిల్ల ప్రశ్నపత్రం తీసి, తన పద్ధతిలో, తాపీగా చెప్పింది. పదం ఉన్న చోట ఒక్కొక్క అర్థం పెట్టి చదివాను సార్. కొడుకులు ఎంత చెప్పినా ముసలాయన మేలైన గుడ్డ వదల్లేదు, కుదరదు. నేర్పు వదల్లేదు, కుదరదు, అమ్మమనడానికీ నేర్పుకూ సంబంధం లేదు. చేతి బిగింపు వదల్లేదు...

అక్కడ అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. కళ్ళజోడు సరిచేసుకుని పేరా మొదటి నుంచి తనే చదువుకున్నాడు.

“ఇంతకీ దేన్ని పట్టుకున్నాడయ్యా ఈయన?” అన్నాడు.

భాషానిపుణుడు పేజీ తిప్పాడు. కోఆర్డినేటరు బల్లవంక చూస్తున్నాడు. వదిన అతన్నే చూస్తూ కాసేపు ఆగిందట. అతను ఒక్క మాట చెబితే చాలు, నేను కోశానని. అతను తల ఎత్తలేదు.

“తాడును” అంది వదిన. “ఆ తాడు మీ పేపర్లో లేదు. నేను రాసిన దాంట్లో ఉంది.”

భాషానిపుణుడు ఉలిక్కిపడి నిఘంటువు మూసేశాడు. అధ్యక్షుడికి ఆవిడ అన్నది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మీరు సంతకం చేసి ఉంటారు కదమ్మా అన్నాడు, మందలింపుగా.

“చేశాను. పరీక్షకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల చదువుకుంటానని వస్తే గుమ్మంలోంచే పంపేశాను, ఎందుకో కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీరేం చేస్తారో చెయ్యండి. కానీ వాక్యం మీరు మార్చి, అర్థం నాది అంటగట్టకండి. నేను ఇచ్చిన జవాబు నా వాక్యానికి. మీ వాక్యానికి ఈ పిల్ల ఇచ్చిందే జవాబు.”

ఇదంతా ఎంత మెల్లగా చెప్పిందంటే ఆ ముగ్గురూ ముందుకు వంగి విన్నారట. అప్పుడే నిదానానికి తెలిసింది, టీచరు తనను ఆ ఏడు ఎందుకు రానివ్వలేదో. బయటికి వచ్చాక ఆ పిల్ల వదిన సంచి తీసుకుని తను మోసింది.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. ఆ ప్రశ్నను తొలగించారు. పరీక్ష రాసిన ప్రతివాళ్ళకూ ఆ మార్కు ఇచ్చేశారు. నిదానానికి ఆ ఒక్క మార్కుతో తర్వాతి జాబితాలో సీటు వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన మిఠాయి తెచ్చాడు. అక్క సంతోషిస్తుందనుకున్నాడు పాపం.

“అందరికీనా?” అంది వదిన. “వాక్యం చదివినవాళ్ళకూ, చదవనివాళ్ళకూ, కళ్ళు మూసుకుని పెట్టినవాళ్ళకూ, అందరికీనా?” మిఠాయి పొట్లం అలాగే ఉండిపోయింది. తప్పు జరిగిందని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని ఉంది. ఏం సాంకేతికం, ఏం కారణం, అని ఆవిడ ఆ ముక్కను నా మిషను మీద పెట్టి నిలదీసింది, అదేదో నేనే రాసినట్టు. సీటు వచ్చింది కదా వదినా అంటే, “వచ్చింది. న్యాయం వల్ల రాలేదు. పంచిపెడుతుంటే దీని చేతిలోనూ ఒకటి పడింది” అంది.

ఆవిడను ప్రశ్నలు రాసేవాళ్ళ నుంచి తీసేశారు, ఇంకెప్పుడూ పిలవబోమని రాశారు. స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడి సంజాయిషీ కూడా రాసివ్వాల్సి వచ్చింది. ప్రశ్నలు రాయడం ఆవిడకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఒక వాక్యం సరిగ్గా కుదిరితే మెట్లు దిగి వచ్చి, నాకు చెప్పకూడదు కాబట్టి, ఊరికే నా మిషను పక్కన నిలబడి వెళ్ళేది. ఆ తర్వాత అలా రాలేదు.

కోఆర్డినేటరు ఒక ఆదివారం పళ్ళు పట్టుకుని వచ్చాడు. తొలగించమని కమిటీకి చెప్పింది తనేనన్నాడు. జవాబు మారిస్తే వచ్చిన మార్కులు పోయిన పిల్లలు కోర్టుకు వెళతారు, ఇలాగైతే ఎవరికీ నష్టం లేదు, అని వివరించాడు. వదిన వింటూ కూర్చుంది.

“ఆ రోజు నోరు విప్పలేదేం?” అని అడిగింది.

“ఉద్యోగం, మేడం. ఇద్దరు పిల్లలు.”

“నిన్ను వేలు పెట్టి చూపించలేదు నేను. చూశావా?”

చూశానన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది. వదినకు వెయ్యలేదు. పేజీ నిండితే మనిషి ఏదో ఒకటి కొయ్యాల్సిందే, అది నాకూ తెలుసు, అంది. కోశాక ఒక్కసారి పైనుంచి కింది దాకా చదవడానికి ఎంత సేపు పడుతుంది? పిల్లలను అదే కదా చెయ్యమంటున్నాం. నువ్వు చెయ్యని పని వాళ్ళు చేస్తే మార్కు కోసేశావు. అతను ఏదో అనబోయాడు. “పళ్ళు తీసుకెళ్ళు, పిల్లలున్నారన్నావుగా” అని లేచి మెట్లెక్కి పోయింది. అతను ఆ పళ్ళ సంచితోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆవిడ కోపం మళ్ళీ రగిలింది కొత్త ఏడు బడి తెరిచిన తర్వాత. ఊళ్ళో కోచింగు వాళ్ళు ఈ గొడవ పట్టుకుని కొత్త పాఠం మొదలుపెట్టారు. నిఘంటువులో మొదటి అర్థం పెట్టండి, పోయినా ప్రశ్న తీసేసి మార్కు ఇస్తారు, అని. క్లాసులో ఒక పిల్ల లేచి అమాయకంగానే అడిగిందట, వాక్యం అడిగేది రాయాలా టీచర్, వాళ్ళకు కావాల్సింది ఏదో ఊహించి రాయాలా అని. గంట కొట్టేదాకా వదిన కిటికీ దగ్గర నిలబడిపోయిందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబుతుంటే ఆవిడ పెదవులు కదలడమే కనిపిస్తోంది నాకు, మాట వినిపించడం లేదు.

మర్నాడు వెళ్ళి ఆ పిల్లకు జవాబు చెప్పింది. “వాక్యం ఏది అడిగితే అదే రాయండి. రాసినా మార్కు పోతే పేపరు పట్టుకుని నా దగ్గరికి రండి.”

ఏదో ఆవేశంలో అన్న మాట అనుకున్నాను. కానీ పిల్లలు నిజంగానే వస్తున్నారు. ఏ పరీక్ష అయినా సరే, అయిపోయిన వారానికి మా మెట్ల మీద ప్రశ్నపత్రాలతో కూర్చుంటారు. చాలామంది విషయంలో తప్పు వాళ్ళదే. వాక్యం సగం చదివి వదిలేసి ఉంటారు, వాళ్ళకు తలవాచేలా చీవాట్లు పెట్టి పంపిస్తుంది. కొందరి విషయంలో మాత్రం పేపరే తప్పు. అప్పుడు పైనుంచి మాటలు వినపడటం ఆగిపోతుంది. నేను మిషను ఆపి, గుమ్మంలో ఉన్న ఆవిడ చెప్పులు తీసి మెట్ల కింద పెడతాను.